మీ అంటే నాది

మా ఇంట్లో ఏ వస్తువు ఎవరిదన్నది దాని ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. ఫ్రిజ్ చల్లగా పనిచేస్తున్నంత కాలం అది మనది. గుర్రుమని ఆగిపోయిందా, మరుక్షణం మీది. అమ్మాయికి మంచి మార్కులొచ్చినప్పుడల్లా 'నా కూతురు', మాట వినని రోజున 'మీ కూతురు'. బళ్లో తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరైన మా ఆవిడకు షష్ఠీ విభక్తి ఎక్కడ ప్రయోగించాలో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చేతికి ఇంకో భాష వ్యాకరణం కూడా అందించింది మాత్రం నేనే.

అమ్మాయి కాపురం మాడ్రిడ్‌లో. మనవడు అక్కడి బడికి వెళ్లడం మొదలుపెట్టాక వీడియో కాల్‌లో వాడి తెలుగు పలచబడుతూ వచ్చింది. మేమేమో అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఉంటాం. మెట్లు దిగితే చాలు, జావా, శాప్, పైథాన్ బోర్డులు మీద పడతాయి. వాటి మధ్య ఒక మేడ మీద స్పానిష్ చెబుతున్నారని తెలిసి చేరిపోయాను. పాఠం చెప్పేది ఇఫ్లూలో చదువుకున్న అమ్మాయి. తోటి విద్యార్థులంతా స్పానిష్ వస్తే జీతం పెరుగుతుందని వచ్చిన కుర్రకారు. నన్ను మొదటిరోజు అందరూ లేచి నిలబడి పలకరించారు, కొత్త సారనుకుని.

మొదటి దెబ్బ 'మీ' అన్న మాట దగ్గర తగిలింది. స్పానిష్‌లో 'మీ' అంటే 'నా'. 'మీ కాసా' అంటే నా ఇల్లు. సాయంత్రం ఇంటికొచ్చి ఉత్సాహంగా "మీ కాసా, మీ కాఫీ, మీ సోఫా" అని వల్లెవేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఇన్నాళ్లకు ఒప్పుకున్నారు, సంతోషం," అంది. ఆవిడ చెవికి అన్నీ ఆవిడ పేర రిజిస్టరైపోతున్నాయి. ఎంత వివరించినా లాభం లేకపోయింది. అప్పుడు కనబడింది రెండో దారి. స్పానిష్‌లో 'నా' అన్న మాట నామవాచకానికి వెనక కూడా రావచ్చు. అలా వచ్చేటప్పుడు దాని రూపం 'మీయో'. 'అమీగో మీయో' అంటే మిత్రమా. మనవణ్ణి 'ఇహో మీయో' అని పిలవచ్చు, వాళ్ల భాషలో అది ముద్దు. అదే వరసలో మనం 'నా కొడకా' అంటే అవతలివాడు చెప్పుతీస్తాడు. ఏమైతేనేం, 'మీ' గొడవ తప్పింది కదా అని, ఆనాటి నుంచి అన్నిటికీ వెనకే తగిలించడం మొదలుపెట్టాను.

వెనక తగిలించేటప్పుడు ఒక షరతుంది. ఆ మాట సొంతదారును చూడదు, సొత్తును చూస్తుంది. చొక్కా, అంటే 'కమీసా', స్త్రీలింగం కాబట్టి నేను మీసాలున్న మగాణ్ణైనా 'కమీసా మీయా' అనాల్సిందే. నేను మగాణ్ణని అన్నిటికీ 'మీయో' అనడం క్లాసంతటికీ వినోదమైంది. అన్నిటికంటే నన్ను ముంచింది నా పాత స్కూటరు. బండిని వాళ్లు 'మోతో' అంటారు. చివర 'ఓ' ఉంది కదా, పుంలింగమే అనుకున్నాను. అది 'మోతోసిక్లేతా'కి పొట్టిపేరట, అసలు మాట స్త్రీలింగం, తోక తెగినా లింగం మారలేదు. కాబట్టి 'మోతో మీయా'.

ఇక చూపుడుమాటలు. మనకు 'ఈ', 'ఆ' రెండే. వాళ్లకు మూడు: ఎస్తే, ఎసే, అకెల్. నా దగ్గరున్నది ఎస్తే, నీ దగ్గరున్నది ఎసే, ఇద్దరికీ దూరంగా ఉన్నది అకెల్. అనడం ఇంత తేలిక. నోట్లోంచి రావడమే కష్టం, ఎందుకంటే మన 'ఆ' ఒక్కటే ఎసే, అకెల్ రెంటినీ మింగేస్తుంది.

నాకిది తలకెక్కింది క్లాసులో కాదు, పంజాగుట్ట వల్ల. మా బాల్కనీలో ఇద్దరం కూర్చుని కాఫీ తాగుతుంటే పంజాగుట్ట వైపు నుంచి హారన్ల మోత వస్తుంది. ఇద్దరికీ దూరం కాబట్టి అది 'అకెల్ రూయిదో', ఆ మోత. ఒకరోజు మా ఆవిడ పంజాగుట్టకు చీరలు చూడ్డానికెళ్లి అక్కణ్నుంచి ఫోన్ చేసింది. అదే రోడ్డు, అవే బస్సులు, కానీ ఇప్పుడా మోత ఆవిడ చుట్టూ ఉంది. కనుక నేను ఫోన్లో 'ఎసే రూయిదో ఏమిటి' అనాలి. ఆవిడకేమో అది 'ఎస్తే రూయిదో'. మోత అంగుళం కదల్లేదు, ఆవిడ కదిలింది. పంతుళ్లు బోర్డు మీద మూడు గీతలు గీసి దగ్గర, మధ్య, దూరం అని చెప్పడంతో మీటర్లలో కొలుస్తామేమో అనుకుంటాం. కొలిచేది అవతలి మనిషి ఎక్కడున్నాడన్నది. పాత స్పానిష్ ఉత్తరాల్లో ఊరి పేరు రాయకుండా 'ఎసా' అని రాస్తే మీ ఊరు అని, 'ఎస్తా' అంటే నేను ఉత్తరం రాస్తున్న ఊరు అని అర్థం. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల మాటల్లో అకెల్ తగ్గిపోయి ఎసేతోనే గడిపేస్తారట. అక్కడ పుట్టి ఉంటే నా బతుకు సుఖంగా ఉండేది.

తప్పు పడిందని ఎలా తెలుస్తుందంటే, విన్నవాడి మెడ తిరుగుతుంది. వీడియో కాల్‌లో అమ్మాయి పట్టుచీర కట్టుకుని కనబడింది. నేను గంభీరంగా 'అకెల్ సారి' బాగుందన్నాను. పక్కనున్న మనవడు వెనక్కి తిరిగి కిటికీలోంచి బయటకు చూశాడు, ఎదురింటి బాల్కనీలో ఎవరు చీర ఆరేశారా అని. ఎదుటి మనిషి ఒంటిమీదున్నది 'ఎసే' కదా. 

ఈ కథంతా విని మా ఆవిడ పెదవి విరిచింది. "మూడంటే అంత వింతేముంది? మనకూ ఉండేవి," అంది. తొల్కాప్పియంలో సుట్టు అక్షరాలని అ, ఇ, ఉ మూడూ చెప్పారనీ, యాళ్పాణం తమిళులు ఆ 'ఉ'ని ఇంకా మాట్లాడతారనీ, మూల ద్రావిడంలో దగ్గరకూ దూరానికీ నడుమ ఉన్నదానికి 'ఉ' ఉండేదని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వచ్చిన ద్రావిడ భాషల పుస్తకంలో రాశారనీ చెప్పుకొచ్చింది. అంటే మా తాతలు వాడుకున్న ఉకారాన్నే నేను అమీర్‌పేటలో ఫీజు కట్టి ఎసే పేరుతో కొనుక్కుంటున్నానన్నమాట. నేనూ తక్కువ తినలేదు, టీచరమ్మ చెప్పిన ముక్క ఒకటి వదిలాను: ఎస్తే అన్న మాట లాటిన్‌లోని 'ఇస్తే' నుంచి వచ్చింది, లాటిన్‌లో దానికి 'నీ దగ్గరున్నది' అని అర్థం. నీది కాస్తా పోను పోను నా దగ్గరిదైపోయింది. "మన ఫ్రిజ్‌కి తిరగేసి," అంది ఆవిడ.

అసలు పరువు పోయింది ఆ తర్వాత. అమ్మాయి ఇంటికి పక్కింటి పెద్దావిడ, ఆవిడ భర్త టీకి వచ్చారు. అమ్మాయి ఫోన్ వాళ్ల ముందు పెట్టింది. నేను మా ఆవిడను చూపిస్తూ పరిచయం చేశాను: "ఎస్తా ఎస్ ఉనా ఎస్పోసా మీయా." 

అందులో ప్రతి మాటా సరైనదే. ఎస్తా సరే, మీయా సరే, లింగాలన్నీ కుదిరాయి. కానీ ముందున్న 'ఉనా' అంటే ఒకానొక. 'ఉన్ అమీగో మీయో' అంటే నా స్నేహితుల్లో ఒకడు. స్నేహితులు పదిమంది ఉంటారు కాబట్టి అక్కడ అది చక్కగా సరిపోతుంది. ముందు వచ్చే 'మీ' వేరు, అది వస్తువును తేల్చి చెబుతుంది, ఫలానాది అని. అందుకే 'మీ'కి ముందు ఉన్, ఎల్ లాంటివి పెట్టకూడదు. వెనక వచ్చే 'మీయో' ఏమీ తేల్చదు, తేల్చే పని ముందున్న మాటకు వదిలేస్తుంది. నేను ఆ పనిని 'ఉనా'కి అప్పజెప్పాను. దాంతో నా మాట 'ఈవిడ నా భార్యల్లో ఒకావిడ' అయి కూర్చుంది. 

పెద్దావిడ కళ్లు పెద్దవి చేసి అడిగింది: "క్వాంతాస్ తియేనే?" ఎంతమంది ఉన్నారు అని. ప్రశ్న అర్థం కాక, మనవలనుకుని, నేను వేలు చూపించి "ఒకడు ఇక్కడ, ఇంకొకరు వచ్చే నెలలో" అని నాకొచ్చిన స్పానిష్‌లో చెప్పాను. అమ్మాయి ఫోన్ లాక్కుంది.

సర్దిచెప్పడానికి మళ్లీ కాల్ చేసినప్పుడు ఇంకో గొయ్యి తవ్వుకున్నాను. నామవాచకానికి వెనక పెట్టడం నాకు బాగా అలవాటైంది కదా, పెద్దావిడ భర్త కుశలం అడుగుతూ 'ఎసే సెన్యోర్' అనాల్సింది 'ఎల్ సెన్యోర్ ఎసే' ఎలా ఉన్నారన్నాను. ఎసే ముందుంటే 'ఆ పెద్దమనిషి'. వెనక్కి పోయి, ముందు 'ఎల్' చేరిందంటే చాలాసార్లు 'ఆ మనిషున్నాడు చూశారూ' అన్న ధోరణి వస్తుంది. వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, మర్యాదకే లోటు. ఆయన మా అమ్మాయివైపు చూసిన చూపు కెమెరాలో బాగానే పడింది.

మా ఆవిడ మాత్రం నా నోటుబుక్కులు తిరగేసి ఈ వ్యాకరణంలో తనకు పనికొచ్చే భాగాన్ని ఇట్టే ఏరుకుంది. ముందు చూపుడుమాట, మధ్యలో వస్తువు, వెనక సొంతదారు: 'ఎసా మోతో తూయా', ఆ మీ బండి. ముందు 'ఎసా' ఉంటే బండి ఏదో తేలిపోతుంది, వెనక 'తూయా' దాన్ని నా నెత్తిన రుద్దుతుంది. నేను ఎసే మోతో తూయో అని తప్పుగా రాసుకున్నదాన్ని కూడా ఎర్రసిరాతో దిద్ది మరీ ప్రయోగించింది. 'ఎస్తే మరీదో మీయో', అంటే ఈ మా ఆయనొకడు, అని ఫోన్లో అమ్మాయితో మొదలుపెట్టిందంటే నేను బాల్కనీలోకి వెళ్లిపోతాను. 

ఈ మధ్య నేను చేసిన ఉప్మా ముద్ద చూసి, "కే ఎస్ ఎస్తో?" అంది. చూపుడుమాటల్లో ఎస్తో, ఎసో, అకేయో అని నపుంసక రూపాలున్నాయి. పేరు తెలియనివాటికి, పేరు పెట్టడానికి వీల్లేనివాటికి వాడతారు. ఉప్మా అని గుర్తుపట్టి ఉంటే ఆవిడ పేరు పెట్టే అడిగేది. వీటిని మనుషులకు వాడొచ్చా అని నేను క్లాసులో అడిగాను. వాడితే పరమ అవమానం, మనిషిని వస్తువు కింద జమకట్టినట్టే అని టీచరమ్మ చెప్పింది. ఆ పేజీ చింపి బీరువాలో దాచాను.