ముక్కు జోలికి నేను పోలేదు

"బాగా నవ్వొచ్చేలా గీయాలి అన్నయ్యా, కానీ ఆయన నొచ్చుకోకూడదు." వారం రోజులుగా ఈ మాట నా చెవిలో జోరీగై తిరుగుతోంది. అన్నది మా తోడల్లుడు. గీయాల్సింది వాళ్ల మేనమామగారి క్యారికేచర్. బ్యాంకులో రిటైరవుతున్నారు, ఫ్రేము కట్టించి సభలో ఇస్తారట. డబ్బుల ప్రస్తావన రాలేదు. చుట్టాల్లో బొమ్మలు వేసేవాడుంటే రాదు.

ముందు ఒక ఫోటో పంపాడు. పెళ్లి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముక్క. మేనమామగారి మొహం శనగగింజంత. ఆయన భుజం మీద మాత్రం ఎవరిదో చెయ్యి, ఆకుపచ్చ రాయి ఉంగరంతో సహా, దివ్యంగా పడింది. ఊరికే ఉండక "ఆ చెయ్యి ఎవరిదోయ్?" అన్నాను. రాత్రికి అది ఫ్యామిలీ గ్రూపులోకి ఎక్కింది. పిన్నిగారబ్బాయిది కాదు, వాడు ఉంగరాలు పెట్టడు. చిన్నబాబాయిది కావచ్చు, కానీ ఆయన పెళ్లికే రాలేదు కదా! రాలేదని ఎవరన్నారు? ఆయనే అన్నాడు. మరి చెయ్యెలా వచ్చింది? అటక మీంచి చదివింపుల పుస్తకం దింపారు. అందులో బాబాయి పేరు లేదు. అంటే వచ్చాడు, భోంచేశాడు, ఫోటో దిగాడు, చదివించకుండా వెళ్లాడు. ఇప్పుడా రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఆ చేతి వంశచరిత్ర మొత్తం నాకు తెలుసు. మొహం మాత్రం ఇంకా శనగగింజే.

తర్వాత సెల్ఫీ వచ్చింది. మూరెడు దూరంలో ఫోన్ పెట్టి తీస్తే కెమెరాకి అన్నిటికంటే దగ్గరుండేది ముక్కే. అది ఉబ్బుతుంది, చెవులు వెనక్కి జారుకుంటాయి. అంటే ఫోన్ ముందే క్యారికేచర్ గీసి పంపిందన్నమాట, అదీ తప్పుగా. ఆరడుగుల దూరం నుంచి, మొహం కాస్త పక్కకి తిప్పి, ఎవరితోనో నవ్వుతున్న ఫోటో కావాలని మొత్తుకుంటే చివరికి వచ్చింది.

"మావయ్యది పెద్ద ముక్కు, దాన్నే లాగు" అని ఇంటిల్లిపాదీ సలహా. పెన్సిల్ అడ్డం పెట్టి కొలిచాను. మామూలు మొహంలో కనుబొమల నుంచి ముక్కు కింది వరకూ ఎంతో, అక్కణ్నుంచి గడ్డం కొస వరకూ దాదాపు అంతే. ఈయన ముక్కు కొలతకి సరిపోయింది. తేడా దాని కిందుంది. ముక్కుకీ పెదవికీ మధ్య విశాలమైన మైదానం, ఆ కింద గడ్డం ఉందా లేదా అన్నట్టు. గడ్డం కురచ కాబట్టి ముక్కు పెద్దగా కనిపిస్తోంది, అంతే. ఈ కళలో సాగదీయాల్సింది అవయవాన్ని కాదు, దానికీ పక్కదానికీ ఉన్న తేడాని. 1831లో పారిస్‌లో ఫిలిపాన్ అనే ఆయన కోర్టులో నాలుగు బొమ్మలు వేసి, రాజు లూయీ ఫిలిప్ మొహం మెట్టుమెట్టుగా బేరిపండు ఎలా అవుతుందో చూపించాడు. పైన సన్నం, కింద బుగ్గలు వెడల్పు. బొమ్మ చక్కగా కుదిరింది. జైలు తప్పలేదు.

నేను ఆ మైదానాన్ని ఇంకా దించి, గడ్డాన్ని గోళీకాయంత చేసి, కళ్లజోడు ముక్కు కొసకి జార్చాను. తర్వాత కళ్లజోడు, మీసం చెరిపి చూశాను. అయినా ఆయనే. ఈ పరీక్షలో మనిషి మాయమైతే మనం గీసింది వేషమే. అన్నీ ఒకేసారి పెంచేసినా అంతే, ఎవరూ కాని రాక్షసుడు తయారవుతాడు.

ఈలోగా కోరికలు. బట్టతల మెరిపించు, ఊడిన పన్ను చూపించు, చెంప మీద కాలిన మచ్చ మర్చిపోకు. మనిషి తనంతట తాను చేసేవి, అంటే మీసం తిప్పడం, కళ్లజోడు మీంచి చూడడం, ఎంతైనా పెంచుతాను. ఒంటి మీదికి వచ్చిపడినవి, జబ్బూ దెబ్బా రంగూ, ముట్టుకోను. ఇక కళ్లు. వాటిలో ఆ నవ్వు ఉంచితే కింద గడ్డాన్ని ఏం చేసినా చెల్లుతుంది. వాటిని చిన్నవి చేసి జిత్తులమారివి చేశామా, మిగతాదంతా అచ్చు దిగినా తిట్టే.

సభలో కాగితం విప్పగానే అందరూ నవ్వారు. మేనమామగారూ నవ్వారు, కానీ చెయ్యి ముందు ముక్కు మీదికి పోయింది.

"ఇంకాస్త తగ్గించాల్సింది బాబూ. బడిలో నన్ను ముక్కన్న అనేవారు."

"ముక్కు ఉన్నదున్నట్టే ఉందండీ, కావాలంటే కొలవండి" అన్నాను. ఆయన నమ్మలేదు.

ప్రతివాడి మొదటి క్యారికేచర్ వెనక బెంచీలో కూర్చున్న ఏ పిల్లవాడో గీసేసి ఉంటాడు. వాడికి కొలతలు తెలియవు, ఎక్కడ ఆపాలో అంతకన్నా తెలియదు. అయినా అరవయ్యేళ్లు వచ్చినా మనిషి అద్దంలో చూసుకునేది ఆ బొమ్మనే. నా రబ్బరు దాని మీద పనిచేయదు.

పోనీ అనుకుని కాఫీ దగ్గరికి నడిచాను. తోడల్లుడు వెనకే వచ్చాడు.

"ఎంత చెప్పినా ముక్కు మరీ పెద్దది వేశావన్నయ్యా!"