ఖాళీలు నింపి మార్కులు ఖాళీ చేసుకోవడం ఎలా?

ఇంగ్లిష్ పేపర్లో క్లోజ్ పాసేజ్ అని ఒకటుంటుంది. చిన్న కథ ఇచ్చి, అక్కడక్కడా క్రియలు పీకేసి, సరైన రూపం రాయమంటారు. జరుగుతున్న పనికి ఏదో అడ్డుపడే కథ అయితే మార్కులు పోగొట్టుకోవడం మరీ తేలిక.

కథ ఇదనుకోండి. రాత్రి ఎనిమిదింటికి అందరూ మ్యాచ్ చూస్తున్నారు, అంతలో కరెంటు పోయింది. లైన్‌మన్ వచ్చేసరికి నాన్న అరగంట నుంచి ఇన్వర్టర్‌తో కుస్తీ పడుతున్నాడు. అమ్మకి ఆ లైన్‌మన్ అప్పటికే పదేళ్లుగా తెలుసు. వాన వల్ల అతని చొక్కా తడిసి ఉంది, ఆకాశం మాత్రం తేటగా ఉంది.

1. కథంతా ముందే చదవకండి. చదివితే కరెంటు పోవడం, లైన్‌మన్ రావడం అనే రెండు పనులూ సింపుల్ పాస్ట్‌లో ఉన్నాయనీ, ఖాళీల్ని వాటి పక్కన పెట్టి చూడాలనీ తెలిసిపోతుంది.

2. తెలుగు తోకనే నమ్ముకోండి. 'చూస్తున్నారు', 'కుస్తీ పడుతున్నాడు' రెండూ ఒకేలా ముగుస్తాయి కదా, రెండింటికీ పాస్ట్ కంటిన్యువస్ తగిలించండి. మ్యాచ్ దగ్గర ఒప్పే అవుతుంది: ఎనిమిదింటికి ఏం జరుగుతోందన్నదే ప్రశ్న కాబట్టి 'వర్ వాచింగ్'. నాన్న దగ్గర 'ఫర్ హాఫ్ ఎన్ అవర్' ఉంది. లైన్‌మన్ రాకముందు ఆ కుస్తీ ఎంతసేపు సాగిందో అది చెబుతోంది కాబట్టి 'హాడ్ బీన్ ట్రయింగ్' రావాలి. మీరు 'వజ్ ట్రయింగ్' రాసి ముందుకు సాగండి.

3. దెబ్బ తగిలాక రెండో వైపుకి ఒరగండి. 'ఫర్' కనబడిన చోటల్లా 'హాడ్ బీన్' దించేయండి. అమ్మ వాక్యంలోనూ 'ఫర్ టెన్ ఇయర్స్' ఉంది, 'హాడ్ బీన్ నోయింగ్' అనండి. తెలిసి ఉండడం ఒక స్థితి, చేస్తూ పోయే పని కాదు, అక్కడ 'హాడ్ నోన్' చాలని గొణిగే టీచర్ని పట్టించుకోకండి.

4. ఆనవాళ్లు చూడకండి. వాన గురించిన ఖాళీలో 'ఫర్' లేదు, 'సిన్స్' లేదు. ధైర్యంగా 'వజ్ రెయినింగ్' రాసి, తేటగా ఉన్న ఆకాశంలోంచి వాన కురిపించండి. వాన అప్పుడే వెలిసిందనీ, దాని తడి చొక్కా మీద మిగిలిందనీ చెప్పాలంటే 'హాడ్ బీన్ రెయినింగ్' కావాలి. ఆ గుట్టు చొక్కాలోనే ఉంది, మీరు మాత్రం 'ఫర్' కోసమే వెతకండి.

5. టైం మిగిలినా వెనక్కి వెళ్లకండి. 'ఈ పని ఆ క్షణంలో జరుగుతోందా, లేక అప్పటిదాకా సాగుతూ వచ్చిందా?' అని ఒక్కో ఖాళీనీ అడిగారంటే, కష్టపడి రాసిన తప్పులన్నీ కొట్టేసుకోవాల్సి వస్తుంది.