పీఎస్‌డీలు అమ్మబోయే తమ్ముడికి కొన్ని గట్టి సలహాలు

క్రోసూరు లాంటి చోట ఫ్లెక్సీ షాపు నడిపేవాడికి పెళ్లిళ్ల సీజను అయిపోయాక ఒక ఆలోచన వస్తుంది. చేసిన డిజైన్లన్నీ కంప్యూటర్లో ఊరికే పడి ఉన్నాయి. ఓ నలభై మూటగట్టి, 499 రూపాయలకి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట షాపులవాళ్లకి అమ్మితే పోలా? ఆలోచన బాగుంది తమ్ముడూ. ఇక దాన్ని ఎలా నడపాలో నేను చెబుతాను, విను.

ముందు సరుకు సంగతి. నలభై డిజైన్లూ నువ్వే కూర్చుని చెయ్యడం దండగ. ‘5000 పీఎస్‌డీలు 99 రూపాయలకే, రీసేల్ హక్కులతో సహా’ అని ఫోనుకి ప్రకటనలు వస్తుంటాయి కదా, అందులోంచి నలభై ఏరుకుని నీ పేరు వేసుకో. ఆ హక్కులు వాడికెవరిచ్చారని మాత్రం అడగకు. తన దగ్గర లేని హక్కుని ఎవడూ ఇంకొకడికి ఇవ్వలేడని చట్టం అంటుంది కానీ, అదంతా పెద్దవాళ్ల మాట. 1957 కాపీరైటు చట్టం 63వ సెక్షన్లో ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా అని రాసి ఉంది. రాసి ఉంటే ఉండనీ.

తర్వాత ఫాంట్లు. ఇక్కడ నీకు రెండు దారులున్నాయి, రెండూ దివ్యమైనవే. మొదటిది, నీ సిస్టంలో ఉన్న ఫాంట్ల ఫోల్డరు మొత్తం ఎత్తి జిప్‌లో పడెయ్యడం. అందులో డబ్బు పెట్టి కొనాల్సిన ఫాంట్లు ఉంటే ఇంకా మంచిది, రెండు వందల షాపులకి ఫాంట్లు పంచిన దాతవి అవుతావు. రెండోది, అసలు ఫాంటే పెట్టకపోవడం. అప్పుడేమవుతుందంటే, కొన్న షాపువాడు ఫైలు తెరవగానే ఫాంటు లేదంటూ పసుపు త్రికోణం వస్తుంది. పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరాల వెనక ఉండేవి ఇంగ్లీషు కీలు కాబట్టి, ‘చి.ల.సౌ.’ తర్వాత ఉండాల్సిన పెళ్లికూతురి పేరు మార్చబోతే అది కాస్తా బ్రాకెట్లూ డాలరు గుర్తులూ అయిపోతుంది. రాత్రి పదిన్నరకి ఫోను వస్తుంది: “అన్నా, ఇదేందన్నా ఇట్టా వచ్చింది? పొద్దున్నే గేటు దగ్గర కట్టాలంట, పార్టీ ఇక్కడే కూర్చున్నారు.” ఫోను సైలెంటులో పెట్టుకో.

కొందరు చాదస్తులు ఇంకోలా చేస్తారు. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడతారు. వాటికి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉంది. వ్యాపారానికి వాడుకోవచ్చు, మూటలో కలిపి ఇవ్వొచ్చు. ఫాంటుని విడిగా అమ్మకూడదు, లైసెన్సు కాగితం వెంట ఉండాలి, అంతే. వీళ్లు ఆ కాగితం కూడా జిప్‌లో పెడతారు. ఫొటోషాపులో భారతీయ లిపులకి సంబంధించిన సెట్టింగు పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోతాయని చీటీ రాస్తారు. పైగా అమ్మే ముందు ఫైలుని పక్క షాపు కంప్యూటర్లో తెరిచి చూస్తారు. నీకంత తీరికెక్కడిది?

శాంపిల్ చూపించేటప్పుడు పిసినారితనం వద్దు. అడిగినవాళ్లకి పూర్తి సైజు బొమ్మనే డాక్యుమెంటుగా పంపుతానని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టు. చాదస్తులైతే ఎనిమిది వందల పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి, మధ్యలో పేరు వేసి చూపిస్తారు. దాన్ని ఆరడుగుల ఫ్లెక్సీకి లాగితే అంగుళానికి పదకొండు చుక్కలే వస్తాయి, పెళ్లికొడుకు మొహం పలకల పలకలుగా పగులుతుంది. అలా అయితే ఊరికే ప్రింటు తీసుకునేవాడి గతేం కావాలి?

డబ్బు దగ్గర మనుషుల్ని నమ్ము. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ వస్తే చాలు, లింకు పంపెయ్. అకౌంట్లో పడిందా, ఆ పన్నెండంకెల యూటీఆర్ నంబరు బ్యాంకు స్టేట్‌మెంట్లో ఉందా అని చూడటం మర్యాద కాదు. లింకు కూడా అందరికీ ఒక్కటే, గూగుల్ డ్రైవ్‌లో Anyone with the link అని పెట్టి వదిలెయ్. మొదటి పదిమంది కొంటారు, ఆ తర్వాత లింకే ఊళ్లు తిరుగుతుంది, నీకు శ్రమ ఉండదు.

చాదస్తుల పద్ధతి చెబితే నవ్వొస్తుంది. కొన్న ప్రతివాడికీ వాడి మెయిలుకే విడిగా కాపీ ఇస్తారు. నలభై డిజైన్లలో ఎనిమిదింటిని ఎంచుకుని, ఒక్కోదానికీ రెండు రూపాలు చేస్తారు. ఒకదాంట్లో మామిడి తోరణంలో మూడో ఆకు కాస్త ఎడమకి, రెండోదాంట్లో కాస్త కుడికి ఉంటుంది. ఎనిమిది డిజైన్లకీ ఎడమో కుడో అనుకుంటే 256 రకాల మూటలవుతాయి. ఎవరికి ఏ రకం ఇచ్చారో పుస్తకంలో రాసుకుంటారు. మూట బయటపడ్డ రోజున ఆకులు చూసి ఎవరిదో చెప్పేస్తారు. ఫైలు వివరాల్లో కొన్నవాడి పేరు దాస్తే జేపీజీగా మార్చేటప్పుడు పోవచ్చు కానీ, ఆకు పోదు. నిజమే, ఇది దొంగతనాన్ని ఆపదు, ఎవరి చేతి నుంచి జారిందో చెబుతుందంతే. ఎనిమిదిలో మూడే బయటికొస్తే అనుమానం ముప్పై మంది మీదికి పోతుంది. ఇంత చిన్నదానికి పుస్తకం రాయడమేంటి!

లైసెన్సు రాయనే వద్దు. “కొనుక్కున్నావ్, వాడుకో” అంటే చాలు. అప్పుడు వాడు రెండో షాపులోనూ పెడతాడు, గుంటూరులో ఉన్న బావమరిదికీ ఇస్తాడు. అడిగితే “వాడుకోమన్నావ్‌గా” అంటాడు, ఆ మాటా నిజమే. చాదస్తులు తెలుగులోనే నాలుగు ముక్కలు రాస్తారు: ఒక్క షాపుకి, కస్టమర్లు ఎంతమందికైనా ప్రింటు చెయ్యొచ్చు, కస్టమరుకి జేపీజీ ఇవ్వొచ్చు, లేయర్లున్న పీఎస్‌డీ మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. నీకు రాయాలని మరీ ఉబలాటంగా ఉంటే ‘సర్వహక్కులూ మీవే’ అని రాసి సంతకం పెట్టు. కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కేస్తుంది. ఆ అయిదేళ్లూ నీ డిజైను నువ్వే అమ్మకూడదు, హాయిగా ఉండొచ్చు.

దొంగల భయానికి మందు కొన్నవాడి మీద వెయ్యి. జిప్‌కి ఇరవై అక్షరాల పాస్‌వర్డు, ప్రతి డిజైను మీదా చెరగని నీ పేరు. టెలిగ్రాంలో తీసుకున్నవాడికి ఇవేవీ ఉండవు, మొదటివాడెవడో విప్పేసి ఉంటాడు కాబట్టి. డబ్బిచ్చినవాడికే ఈ యోగం.

ఇక మూట ఏదో టెలిగ్రాం ఛానల్లో కనపడితే వెంటనే అందులో చేరి బూతులు తిట్టు. వాడు ఛానల్ మూసేసి వేరే పేరుతో తెరుస్తాడు, నీ దగ్గర రుజువేదీ మిగలదు. చాదస్తులు తిట్టకుండా ముందు లింకు, తేదీ, స్క్రీన్‌షాట్లు దాచుకుంటారు. 2013 కాపీరైటు నియమాల ప్రకారం టెలిగ్రాంకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపుతారు. అది అందిన 36 గంటల్లో వాళ్లు ఆ మూటని ఎవరికీ దొరక్కుండా చెయ్యాలి. ఫిర్యాదు అందిన 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు. 499 రూపాయల మూటకి కోర్టు గడప ఎక్కడం కష్టమే. కోచింగ్ చెప్పే నీతూ సింగ్ తన పుస్తకాలూ వీడియోలూ టెలిగ్రాంలో తిరుగుతున్నాయని 2020లో ఢిల్లీ హైకోర్టుకి వెళితే, ఛానళ్లు నడిపేవాళ్ల వివరాలివ్వమని కోర్టు చెప్పింది 2022 ఆగస్టులో. వివరాలైతే వచ్చాయి. ఈలోపు ఎన్ని బ్యాచ్‌లు పరీక్షలు రాసేశాయో.

అందుకే కాబోలు ఆ చాదస్తులు ఫిర్యాదు పంపేసి పనిలో పడతారు. శ్రావణ మాసం ముహూర్తాలకి ముందే పది కొత్త డిజైన్లు చేసి, పుస్తకంలో పేరున్న షాపులకి ఊరికే పంపుతారు. ఛానల్లో దొరికేది పోయినేటిది. నువ్వా పని చెయ్యకు. పాత మూటకే ‘కొత్త కలెక్షన్’ అని పేరు మార్చి 1,499 చెయ్. టెలిగ్రాం కుర్రాడు కూడా ఈపాటికి ఏదో పేరు పెట్టే ఉంటాడు, నీ పేరు కంటే అది బాగుంటే అదే ఉంచుకో.