వద్దన్న ఉద్యోగం

ఉత్తరాలు రాయడం నాకు బాగా వచ్చునని నా గట్టి నమ్మకం. ఆఫీసులో బాకీదార్లకి రాసేది నేనే, జీఎస్టీ నోటీసులకి జవాబు రాసేదీ నేనే. మా అపార్టుమెంటుకి నీళ్ల ట్యాంకరు వేళకి రాకపోతే అసోసియేషన్ తరఫున ఘాటుగా రాసేదీ నేనే. ట్యాంకరువాడు అవి చదవడనుకోండి, అది వేరే సంగతి. అలాంటి నేను ‘మీ ఉద్యోగానికి నేను రాలేనండీ’ అని చెప్పే నాలుగు ముక్కల ఈమెయిల్ రాయలేక ఇంటిల్లిపాదికీ ఒక రాత్రి నిద్ర లేకుండా చేశాను.

పూణేలో ఒక పంపుల ఫ్యాక్టరీలో అకౌంట్స్ మేనేజర్ ఉద్యోగం. ఒక కన్సల్టెన్సీ ద్వారా అప్లై చేశాను. ముందు హెచ్ఆర్ అమ్మాయి ఫోన్లో మాట్లాడింది. తర్వాత ఫైనాన్స్ హెడ్ గారు వీడియోలో గంటసేపు నాచేత ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లెక్కలు చెప్పించుకుని, చివర్లో ‘గుడ్’ అన్నారు. ఆ ‘గుడ్’ని ఆ వారమంతా ఇంట్లో రకరకాల సందర్భాల్లో వినిపించాను. ఆఖరి రౌండుకి శుక్రవారం నేరుగా రమ్మని, హైదరాబాద్ మీదుగా విమానం టికెట్ కూడా వాళ్లే కొని పంపారు.

సోమవారం సాయంత్రం మా ఆవిడ బ్యాంకులో ప్రమోషన్ల లిస్టు వచ్చింది. స్కేల్ 2 నుంచి స్కేల్ 3. పోస్టింగ్ శ్రీకాకుళం. వద్దంటే ప్రమోషన్ కూడా వదులుకోవాలి. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నాడు, విజయవాడ నుంచి కదపడానికి లేదు. మా అమ్మ మోకాళ్లు ఆవిణ్ణి మెట్లు దిగనివ్వవు. మా ఆవిడ శ్రీకాకుళం, నేను పూణే వెళ్తే ఇక్కడ వీళ్లని చూసేదెవరు? నిర్ణయం అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఎవరు తీసుకున్నారో వేరే చెప్పాలా?

“అయితే ఈ రాత్రే వాళ్లకి మెయిల్ పెట్టేయండి. పాపం టికెట్ కొన్నారు,” అంది మా ఆవిడ.

ఇక్కడ నా మనసులోని మాట ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగం చేజారుతున్నందుకు నాకు పెద్ద బాధ లేదు. నా సర్వీసులో ఇంతవరకూ కంపెనీలే నన్ను వద్దన్నాయి. కొన్ని ఆ మాటైనా చెప్పకుండా వద్దన్నాయి. నేను ఒకర్ని వద్దనే అవకాశం ఇన్నేళ్లకి వచ్చింది. దాన్ని ఊరికే పోనిస్తానా? నా మెయిల్ చదివి ఆ ఫైనాన్స్ హెడ్ గారు కుర్చీలో వెనక్కి వాలి ఒక నిట్టూర్పు విడవాలి. వీలైతే భోజనం మానెయ్యాలి.

ఆ లక్ష్యంతో మొదలుపెట్టాను. ‘భారమైన హృదయంతో’ అన్నది మొదటి మాట. అక్కణ్ణించి మా ఆవిడ బ్యాంకు సర్వీసు, మా అమ్మ మోకాళ్ల ఎక్స్‌రే, మావాడి ఫిజిక్స్ మార్కులు, పూణే వాతావరణం మీద నాకున్న గౌరవం. అసలు సంగతి మూడో పేరాలో వచ్చింది. అక్కడ కూడా ‘ప్రస్తుతానికి ఈ ప్రక్రియలో ముందుకు సాగే స్థితిలో ఉన్నట్టు లేను’ అని ఉంది.

చదవమని మా ఆవిడకిచ్చాను. ఆవిడ లోన్ సెక్షన్‌లో పదేళ్లు చేసిన మనిషి. “వెళ్తున్నారా, వెళ్లట్లేదా?” అంది.

మా అబ్బాయి భుజం మీంచి తొంగిచూసి, “సింపుల్‌గా ‘నాట్ కమింగ్, సారీ’ అని కొట్టు నాన్నా,” అన్నాడు. మా అమ్మ మంచం మీంచే, “పెళ్లి సంబంధం వద్దనుకుంటే మనవాళ్లు ఏం చెబుతార్రా? జాతకాలు కుదరలేదంటారు. అదే రాయి. ఎవరి మనసూ నొచ్చుకోదు,” అంది. మీరు నవ్వుతారేమో గానీ, ఆ రాత్రి మా ఇంట్లో ఈమెయిల్ మర్మం అందరికంటే తెలిసింది ఆవిడకే. అది తర్వాత అర్థమైంది.

చివరికి మా బావమరిదికి ఫోన్ చేశాం. వాడు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ హెచ్ఆర్‌లో ఉన్నాడు. రోజూ ఇలాంటి మెయిళ్లు చూసేవాడు. నేను రాసింది మొత్తం చదివి వినిపించాను, భావయుక్తంగా.

వాడు కాసేపు మాట్లాడలేదు. “బావా, ఇది చదివేది పని ఒత్తిడిలో ఉన్న అమ్మాయి. నీ మెయిల్ తెరిచాక ఆమె చెయ్యాల్సినవి నాలుగు పనులు. శుక్రవారం కూర్చోవాల్సిన పెద్దలకి వద్దని చెప్పాలి. విమానం టికెట్ క్యాన్సిల్ చేయించాలి. సిస్టంలో నీ పేరు ఎదురుగా ‘అభ్యర్థి తప్పుకున్నాడు’ అని పెట్టాలి. నీ తర్వాత లిస్టులో ఉన్నవాడికి ఫోన్ చెయ్యాలి. నీ ఉత్తరం ఈ నాలుగిట్లో దేనికి పనికొస్తుంది?” అన్నాడు.

మా అమ్మ మోకాళ్ల పేరా ఎందుకూ పనికిరాదని అప్పటికి నాకే తెలిసిపోయింది.

వాడు చెప్పినకొద్దీ నేను కొట్టేస్తూ పోయాను. ముందు సబ్జెక్ట్ లైను. నేను ‘ఒక చిన్న మనవి’ అని పెట్టాను. అలా పెడితే జీతం పెంచమంటున్నానో, ఇంటర్వ్యూ తేదీ మార్చమంటున్నానో తెలియక ఆ అమ్మాయి సాయంత్రానికి తెరుస్తుందట. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు, ఉద్యోగం పేరు, నా పేరు, ఈ మూడూ అక్కడే ఉండాలి. పైగా కొత్త మెయిల్ కాకుండా, ఇంటర్వ్యూ తేదీ చెబుతూ వాళ్లు పంపిన మెయిల్‌కే జవాబుగా పంపమన్నాడు. అప్పుడు పాత ఉత్తరాలన్నీ కిందే ఉంటాయి, ఈ మనిషి ఎవరా అని వెతుక్కోనక్కర్లేదు.

తర్వాత ‘ప్రస్తుతానికి’ మీద పడ్డాడు. “ఈ మాట చూస్తే నేనైతే నీ ఫైలు మూయను. పక్కన పెట్టి వారం తర్వాత ఫోన్ చేస్తాను. వాళ్ల చేత ఫోన్ చేయించుకోవాలని ఉందా?”

ఉంది. కానీ మా ఆవిడ పక్కనే ఉంది కాబట్టి లేదన్నాను.

కారణం దగ్గర మాత్రం నేను లొంగలేదు. ఒక్క వాక్యంలో చెబితే నమ్ముతారా అన్నాను. వాడు చెప్పింది వింటే నాకు ముచ్చటేసింది. కారణం రాసేది వాళ్లు నమ్మాలని కాదట, బేరానికి చోటు లేకుండా చెయ్యడానికట. ‘వ్యక్తిగత కారణాలు’ అంటే మర్యాదగానే ఉంటుంది గానీ, జీతం సరిపోలేదేమోనని అవతలివాళ్లు ఇంకో మాట అడిగి చూస్తారు. ‘కుటుంబ పరిస్థితుల వల్ల విజయవాడ వదిలి రాలేను’ అంటే ఇక అడగడానికేం ఉండదు. ఫ్యాక్టరీ పూణేలో ఉంది, నేను కదలను, అంతే. మా అమ్మ చెప్పిన జాతకం మాట సరిగ్గా ఇలాంటిదే. ఎదురు ప్రశ్న వెయ్యడానికి అందులో పట్టు దొరకదు. కాకపోతే ఇది నిజం.

“ఒకవేళ జీతమో, చేరే తేదీయో నచ్చక తప్పుకోవాలనుకున్నావనుకో, అది వాళ్ల చేతిలో ఉన్న సంగతి కాబట్టి ముందు అడగాలి. తప్పుకుంటానని బెదిరించి అడగకూడదు. మేం సరేలే అని అక్కడే మూసేస్తాం,” అని కూడా అన్నాడు. వాడు మా పెళ్లిలో చిన్న పిల్లాడు. ఇప్పుడు జనాల ఫైళ్లు మూసేస్తున్నాడు.

ఎవరికి పంపాలన్న దాంట్లోనూ ఒక తిరకాసు ఉంది. నన్ను పంపింది కన్సల్టెన్సీ కాబట్టి వాళ్లకి చెబితే చాలనుకున్నాను. అది సరిపోదన్నాడు. అభ్యర్థి చేరితేనే కన్సల్టెన్సీకి డబ్బు, మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత. అందుకని కంపెనీకి కబురు చెప్పకుండా, నన్ను ఇంకో రెండ్రోజులు బతిమాలి చూద్దామనుకునే వీలుంది. ఈలోగా శుక్రవారం వస్తుంది. కాబట్టి హెచ్ఆర్ అమ్మాయికీ, కన్సల్టెన్సీకీ ఒకే మెయిల్, ఫైనాన్స్ హెడ్ గారికి కాపీ. ఇంటర్వ్యూ మర్నాడే అయితే మెయిల్ కంటే ముందు ఫోన్ చెయ్యాలట. మాకు ఇంకా మూడు రోజులుంది కాబట్టి ఆ గండం తప్పింది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాక తప్పుకోవడం మాత్రం వేరే కథ. అందులో ఉన్న షరతులు ముందు చదువుకోవాలి. అది నా దాకా రాలేదు.

ఇంతా కొట్టేశాక మిగిలింది ఇది. రాసింది ఇంగ్లీషులో, తెలుగులో ఇలా ఉంటుంది:

సబ్జెక్ట్: దరఖాస్తు ఉపసంహరణ – అకౌంట్స్ మేనేజర్, పూణే – నా పేరు

నమస్కారం. అకౌంట్స్ మేనేజర్ ఉద్యోగానికి నా దరఖాస్తును వెనక్కి తీసుకుంటున్నాను. ఈ వారం మా కుటుంబ పరిస్థితులు మారడం వల్ల విజయవాడ వదిలి రాలేను. శుక్రవారం ఇంటర్వ్యూకి రావడం లేదు కనుక, మీరు కొన్న విమానం టికెట్‌ను దయచేసి రద్దు చేయించగలరు. నేను పంపిన జీతం స్లిప్పులు, ఫారం 16, పాన్ కాపీ ఇక అవసరం పడవు కాబట్టి తొలగించగలరు. ఫైనాన్స్ హెడ్ గారు కేటాయించిన సమయానికి, ముఖ్యంగా మీ డీలర్ల క్రెడిట్ నోట్ల పద్ధతి గురించి వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మీకు అసౌకర్యం కలిగించినందుకు మన్నించండి.

కాగితాలు తొలగించమన్న వాక్యం మా ఆవిడది, బ్యాంకు బుద్ధి. క్రెడిట్ నోట్ల మాట నాది. కృతజ్ఞత అందరికీ ఒకేలా చెప్పేది కాకుండా, ఆ ఇంటర్వ్యూలో నిజంగా జరిగిన దాన్ని గురించి ఉంటే పదేళ్ల తర్వాతైనా గుర్తుంటుందని బావమరిది అన్నాడు. ‘భవిష్యత్తులో తప్పక కలిసి పనిచేద్దాం’ అని ఒకటి చేర్చబోతే మా ఆవిడ లాప్‌టాప్ మూసేసింది. అప్పటికే మెయిల్ వెళ్లిపోయింది, నేనే చూసుకోలేదు.

పొద్దున్నే కన్సల్టెన్సీ కుర్రాడు ఫోన్ చేశాడు. నాలాంటి వాళ్లు దొరకరన్నాడు, మనసు మార్చుకోమన్నాడు, గొంతు కూడా పూడుకుపోయింది. నేను కోరుకున్న దుఃఖమంతా అతనిలో కనిపించింది. కాకపోతే 8.33 శాతం సంగతి నాకు తెలిసిపోయింది కాబట్టి పూర్తిగా ఆనందించలేకపోయాను. పది గంటలకి హెచ్ఆర్ అమ్మాయి జవాబు వచ్చింది. తెలియజేసినందుకు ధన్యవాదాలు, టికెట్ రద్దు చేశాం, ఆల్ ది బెస్ట్. ఫైనాన్స్ హెడ్ గారి నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. భోజనం మానేసినట్టు ఎక్కడా ఆధారం లేదు.

ఈ కథలో నాకు దక్కాల్సిన గౌరవం మా అమ్మ వల్ల దక్కింది. మెట్లు దిగలేకపోయినా లిఫ్టు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చెప్పింది, ‘పూణేవాళ్లు విమానం పంపితే మావాడే వద్దన్నాడు’ అని. మొదటి అంతస్తు దగ్గర మొదలైన జీతం అయిదో అంతస్తుకి వెళ్లేసరికి రెట్టింపైంది. ఆదివారం పై ఫ్లాటాయన అరిసెల డబ్బాతో వచ్చి, “మీరు వదిలేసిన ఆ ఉద్యోగం మా అబ్బాయికి ఇప్పించండి మాస్టారూ, వాళ్లు మీ మాట కాదనరటగా,” అంటూ రెజ్యూమె నా చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే అబ్బాయి చదివింది బి.ఫార్మసీ. మా బావమరిది నంబరు ఇచ్చి పంపించాను.