ఫొటోరావు గారు

ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక ఫొటోరావు గారు ఉంటారు. అసలు పేరు ఏదైనా కావచ్చు, హోదా మాత్రం సంఘం కార్యదర్శి, లేదంటే కార్యదర్శికి కుడిభుజం. రిటైరయ్యాక ఆయన చేతికి పని లేదు, ఫోనుకి తీరిక లేదు. నోటీసు బోర్డు మీద కొత్త ఇంగ్లీషు కాగితం పడిందంటే చాలు, ఫొటో కొట్టి నాకు పంపేస్తారు. కింద ఒకే ఒక్క మాట ఉంటుంది, 'తెలుగు' అని. పక్కన జోడించిన చేతుల బొమ్మ. ఎవరు చదవాలి, ఎక్కడ అంటిస్తారు, ఎంత మర్యాద పాటించాలి అని అడిగితే నొచ్చుకుంటారు. "అదేంటి మాస్టారూ, ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టండి, అంతే కదా!" ఆయన లెక్కలో ఇంగ్లీషు నోటీసంటే పాలపొడి, నీళ్ళు కలిపితే తెలుగైపోతుంది.

ఆ ఫొటో సంగతి ముందు చెప్పాలి. కాగితానికి ఎదురుగా నిలబడి ఫొటో తీయడం ఆయన జాతకంలో లేదు. పక్కనుంచి తీస్తారు. బోర్డు అద్దం మీద ట్యూబులైటు మెరుపు సరిగ్గా తేదీ మీదే పడుతుంది. మొన్న వచ్చింది ట్యాంకు కడిగే నోటీసు. ఆదివారం ఉదయం 10 గంటల నుంచి నీళ్ళు ఆపేస్తారట. ఎంతవరకు అన్నచోట గుండుపిన్ను తల కూర్చుంది. దాని వెనక ఉన్నది 1 కావచ్చు, 4 కావచ్చు. మాటల్లో ఒకటీ అరా కనిపించకపోతే వాక్యాన్ని బట్టి పట్టుకోవచ్చు. అంకెని పట్టుకోలేం. ఒంటిగంటకి నీళ్ళొస్తాయని నమ్మి ఒంటికి సబ్బు రాసుకున్నవాడు నాలుగు దాకా అలాగే నిలబడాలి. అందుకని ఆ చోటు ఖాళీగా ఉంచి అడిగాను. "మీరే ఏదో ఒకటి వేసేయండి మాస్టారూ" అన్నారు. వెయ్యలేదు. చివరికి ఆయనే కిందికి దిగి పిన్ను పీకి చూసొచ్చారు. నాలుగట.

ఇక భాష. ఇంగ్లీషు నోటీసుకి ఇస్త్రీ చొక్కా ఒక్కటే ఉంటుంది, దాంట్లో అందరూ ఒకటే. తెలుగులో క్రియ దగ్గరికొచ్చేసరికి మనిషి బయటపడతాడు. కార్లు పైపుతో కడగకూడదు అన్న ఒక్క ముక్కనే 'కడగొద్దు' అనొచ్చు, 'దయచేసి కడగకండి' అనొచ్చు, 'కడగరాదు' అనొచ్చు. మొదటిది ఇంటివాళ్ళు చెప్పినట్టుంటుంది, రెండోది పక్కింటివాళ్ళు, మూడోది మున్సిపాలిటీ. ఈ ముగ్గురిలో ఎవరి గొంతు కావాలో ఫొటోరావు గారు చెప్పరు. ఏది వద్దో మాత్రం చూడగానే చెప్తారు.

నోటీసు చదవాల్సింది ఎవరా అని చూశాను. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎలాగూ ఇంగ్లీషులోనే చదువుకుంటారు. తెలుగు కాగితం వాచ్‌మన్‌కీ, పనమ్మాయిలకీ, కొడుకుల దగ్గరికొచ్చి ఉంటున్న పెద్దవాళ్ళకీ. అందుకని ఇలా రాశాను:

'ఆదివారం పైన ట్యాంకు కడుగుతున్నారు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు నీళ్ళు రావు. ముందురోజే పట్టి పెట్టుకోండి. ఆ రోజు కార్లు పైపుతో కడగకండి. కడిగితే 500 రూపాయలు జరిమానా.'

ఫొటోరావు గారు పెదవి విరిచారు. "మరీ మనం మాట్లాడుకున్నట్టుంది. నోటీసన్నాక బరువుండాలి." సరే, బరువు పెట్టాను: 'ఇందుమూలముగా యావన్మంది నివాసితులకు తెలియజేయునదేమనగా, జలాశయము శుద్ధి చేయబడును గావున నీటి సరఫరా నిలుపుదల చేయబడును.' అది చూసి ముఖం వెలిగింది. కింద వాచ్‌మన్ చేత చదివించాం. అతను కూడబలుక్కుని చదివి, "సార్, ఎవరో పోయిన్రా?" అన్నాడు. నీళ్ళు బంద్ అని చెప్పాం. "గట్లనే రాయున్రి మరి" అన్నాడు. 'బంద్' హైదరాబాదులో పసిపిల్లలకి కూడా తెలిసిన మాట. కానీ ఫొటోరావు గారిది గుంటూరు వైపు, ఆయనకది గొంతు దిగలేదు. ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు అందరికంటే ముందు పంపేది ఈయనే. వాడుక భాష కోసం గిడుగు వారు పడ్డ పాట్లన్నీ నోటీసు బోర్డు దగ్గర ఆగిపోవాలనీ ఈయనే అంటారు.

పేర్ల దగ్గర అసలు తిరకాసు. నోటీసు చివర ప్లంబరు పేరు Pandu అని ఉంది. పండా, పాండా? తెలుగులో రెండూ మగవాళ్ళ పేర్లే. ఇంగ్లీషు అక్షరాలు దీర్ఘాలు మింగేస్తాయి. కోశాధికారి Geetha గారిని 'గీథ' చేసేవాళ్ళున్నారు. మన పేర్లలో ఆ 'th' చాలాచోట్ల ఉత్త 'త', ఆమె గీత. అదే మూడో అంతస్తు Thomas గారి దగ్గర 'థ' వేయాలి, ఎందుకంటే పత్రికలన్నీ ఆ పేరు అలాగే రాస్తాయి. ఇలాంటివి అలవాటుతో తేల్చేయొచ్చు. పండు, పాండుల మధ్య అలవాటు పనిచేయదు. "ఎవరైతే ఏం మాస్టారూ, కుళాయి బాగుపడితే చాలు" అన్నారు ఫొటోరావు గారు. నోటీసులో ఫోను నంబరుంటే నేనే చేసి అడిగాను. "పాండు సార్, పాండురంగం. ఆధార్ మీద గట్లనే ఉంటది" అన్నాడతను. అరనిమిషం పని.

అపార్ట్‌మెంటు పేరునీ తెలుగు చేయమన్నారు. 'గ్రీన్' కి 'పచ్చ' అని, 'హైట్స్' కి 'శిఖరాలు' అని ఆయనే సూచించారు కూడా. ఆటోవాడు 'పచ్చ శిఖరాలు' ఎక్కడని వెతుకుతాడు? గేటు మీద, కరెంటు బిల్లు మీద ఏ పేరుందో అదే తెలుగు అక్షరాల్లో ఉండాలి, మారిస్తే అది వేరే ఇల్లు. పొడి అక్షరాలూ అంతే. పి.వి. నరసింహారావు గారి ఇంటిపేరు పాములపర్తి అని తెలిసినా పత్రికలు 'పి.వి.' అనే రాశాయి.

ఇంగ్లీషులో లేని ఇంకో చిక్కు 'గారు'. నోటీసులో సంప్రదించాల్సినవాళ్ళు ముగ్గురు: అధ్యక్షుడు, గీత, పాండు. మొదటి ఇద్దరి ముందు మిస్టర్, మిసెస్ ఉన్నాయి, పాండు ముందు ఏమీ లేదు. ఉన్నదున్నట్టు దించితే తెలుగులో ఇద్దరు గార్లు, ఒక ఉత్త పాండు. ఇంగ్లీషులో ఎవరి కంటా పడనిది తెలుగులో గోడెక్కి కూర్చుంటుంది. పెడితే ముగ్గురికీ పెట్టాలి, లేదా ముగ్గురికీ తీసెయ్యాలి. ముగ్గురికీ పెట్టాను. ఫొటోరావు గారు ఒకసారి దగ్గారు గానీ ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆయన్ని పది ప్రశ్నలు అడగడం మానేశాను. బోర్డు మీద అంటించడానికి పనికొచ్చే ఒక ప్రతి రాసి పంపుతాను. కింద విడిగా రెండు ముక్కలుంటాయి: 'పనివాళ్ళు చదువుతారని వాడుకలో రాశాను. పేర్లు మార్చలేదు, గారు అందరికీ పెట్టాను. వద్దంటే చెప్పండి.' చూడనిదే ఏం కావాలో తెలియని మనిషికి ఏదో ఒకటి చూపించాలి కదా.

ట్యాంకు నోటీసు ప్రింటు తీయించి తనే అంటించారు. సాయంత్రం కిందికి దిగి చూశాను. 'నీళ్ళు రావు' అలాగే ఉంది. పాండు గారూ క్షేమం. కింద 'ఇట్లు, కార్యదర్శి' అన్నచోట మాత్రం ఆయన తన పేరు చక్కగా రాసుకుని, దాని పక్కన నీలం పెన్నుతో 'గారు' కూడా చేర్చుకున్నారు.