నొక్కితే చిక్కబడదు: డికాషన్ మీద వినకూడని సలహాలు

డికాషన్ చిక్కగా దిగడానికి ఫిల్టర్ కాఫీ తాగే ప్రతి ఇంట్లోనూ ఒక సలహా ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా నా చెవిన ఎక్కువగా పడేవి మూడు. పొడి మెత్తగా పట్టించమంటారు, బిళ్ళతో గట్టిగా నొక్కమంటారు, నీళ్ళు మరీ మరగనివ్వొద్దంటారు. మూడూ తప్పే. వీటిలో ఏ ఒక్కటి పాటించినా కాఫీ కొంత చెడుతుంది. మూడూ కలిపి పాటిస్తే డికాషన్ అసలు దిగదు.

సరూర్‌నగర్ పక్కనే కొత్తపేటలో ఉండే మా పిన్ని సరిగ్గా అదే చేసింది. రాత్రి పోసిన నీళ్ళు తెల్లారేసరికి పై గిన్నెలోనే నిలిచి ఉన్నాయి. కింది గిన్నెలో అడుగు తడిసేంత నల్లటి ద్రవం, దాని కింద బురదలాంటి మడ్డి. "ఫిల్టరే పాడైంది, కొత్తది కొనాలిరా" అంది. "ఆగు పిన్నీ, ముందు పొడి చూపించు" అన్నాను. చిటికెడు వేళ్ళ మధ్య నలిపితే పౌడరు డబ్బాలోది నలిపినట్టే ఉంది. ఒక్క పలుకు తగల్లేదు.

పొడి మెత్తనయ్యే కొద్దీ నీళ్ళు తగిలే చోటు పెరుగుతుంది, సారం త్వరగా దిగుతుంది. అంతవరకు నిజమే. కానీ ఆ నీళ్ళు పొడి గుండా కిందికి రావాలి కదా. ఎస్ప్రెస్సో మిషన్‌లో మెత్తటి పొడి పనికొస్తుందంటే కారణం అక్కడ నీటిని సుమారు 9 బార్ల ఒత్తిడితో తోస్తారు. అంటే దాదాపు ముప్పై అంతస్తుల మీద ఉన్న ట్యాంకు నుంచి కింది కుళాయికి వచ్చే ఒత్తిడి. మన ఫిల్టర్‌లో నీటిని తోసేది పొడి మీద నిలిచిన నాలుగైదు సెంటీమీటర్ల నీటి బరువు మాత్రమే. మెత్తటి నలుసులు ముద్దకట్టి చిల్లులు మూసేస్తే ఆ బరువు ఏమీ చేయలేదు. చిల్లుల్లోంచి దూరిన నలుసులే కింద మడ్డి అవుతాయి, నాలుకకు చేదు తగిలిస్తాయి. అందుకే మర దగ్గర "ఫిల్టర్‌కి" అని చెప్పి పట్టించుకోవాలి. పొడి బొంబాయి రవ్వ కన్నా సన్నగా, మైదా కన్నా బరకగా, వేళ్ళకు పలుకు తెలిసేలా ఉండాలి. మరీ బరకైతే నీళ్ళు ఐదు నిమిషాల్లో జారిపోయి, పల్చగా, పులుపు తిరిగిన డికాషన్ వస్తుంది. పొడి సరిగ్గా ఉంటే పదిహేను ఇరవై నిమిషాల్లో దాదాపు అంతా దిగుతుంది. రాత్రంతా పట్టిందంటే అది డికాషన్ గొప్పతనం కాదు, దారి మూసుకుపోయిందని అర్థం.

ఇక నొక్కడం. ఫిల్టర్‌తో వచ్చే కాడ ఉన్న చిల్లుల బిళ్ళను చూడగానే అది నొక్కడానికే ఇచ్చారనిపిస్తుంది. దాని అసలు పని వేరు. పోసిన నీళ్ళు ఒకేచోట ధారగా పడి పొడిలో గుంట చేయకుండా అది అన్ని వైపులకూ చల్లుతుంది, పొడిని సమంగా పట్టి ఉంచుతుంది. పొడి వేశాక గిన్నెను రెండుసార్లు తట్టి చదును చేసి, బిళ్ళను దాని బరువుతోనే కూర్చోబెడితే చాలు. కొత్తగా వేయించిన పొడి వేడినీళ్ళు తగలగానే గ్యాస్ వదిలి పొంగుతుంది. గట్టిగా అదిమితే పొంగడానికి చోటుండదు. నీళ్ళు ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి, ఎక్కువగా గిన్నె అంచు వెంట జారిపోతాయి. నీళ్ళు పోశాక నొక్కడం ఇంకా చెడ్డది. అది మిగిలిన సారాన్ని పిండదు, నలుసుల్ని చిల్లుల్లోకి దూరుస్తుంది.

అనుమానం ఉంటే వాడిన పిప్పిని పళ్ళెంలోకి బోర్లించి చూడండి. పిన్ని ఫిల్టర్‌లోని పిప్పి బిళ్ళలా ఊడిపడింది. చాకుతో కోస్తే మధ్యలో రూపాయి బిళ్ళంత మేర లేత గోధుమ రంగు పొడి, తడి కూడా తగలకుండా. ఆ పొడికి ఇచ్చిన డబ్బు చెత్తబుట్టలోకే పోయింది.

మూడో సలహా, మరిగే నీళ్ళు పోస్తే పొడి మాడుతుందన్నది. కాఫీ గింజల్ని వేయించేదే 200 డిగ్రీలు దాటిన వేడిలో. మన నీళ్ళు దాన్ని మాడ్చలేవు. పైగా హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఫిల్టర్‌లో పోసే 150 మిల్లీలీటర్ల నీళ్ళు చల్లటి స్టీలు గిన్నెలో, చల్లటి పొడి మీద పడితే వేడి 85 ప్రాంతానికి దిగిపోతుంది. గిన్నెను ముందే వేడినీళ్ళతో కడిగి తుడిస్తే 90 దాటి నిలుస్తుంది. సారం బాగా దిగే వేడి అదే. కాబట్టి నీళ్ళు తెర్లుతుండగానే పోయండి, వెంటనే మూత పెట్టండి.

నీళ్ళ మాట వచ్చింది కనుక ఇంకొకటి. మన వైపు కుళాయి రాని రోజున బోరు నీళ్ళు వాడేస్తాం. సున్నం ఎక్కువున్న ఆ నీళ్ళు కాఫీలోని పులుపును చంపి రుచిని చప్పగా చేస్తాయి, చిల్లుల్లో తెల్లగా పేరుకుంటాయి కూడా. పై గిన్నెను ట్యూబ్‌లైటుకి ఎత్తి చూస్తే ఎన్ని చిల్లులు మూసుకుపోయాయో తెలుస్తుంది. నిమ్మరసం కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి తోమితే పోతుంది. కొందరు గ్యాస్ మంట మీద బోర్లించి కాలుస్తారు. స్టీలుకు పరవాలేదు కానీ కళాయి వేసిన ఇత్తడి ఫిల్టర్‌కు వద్దు, కళాయి కరుగుతుంది. కాఫీకి మాత్రం కృష్ణా నీళ్ళు పట్టి ఉంచుకోండి.

పిన్ని చేత మళ్ళీ చేయించాను. సరైన మరలో పట్టించిన పొడి 30 గ్రాములు, తెర్లే నీళ్ళు 150 మిల్లీలీటర్లు. ముందు పొడి తడిసేంత పోసి అర నిమిషం ఆగి, మిగతాది పోసింది. బిళ్ళను ముట్టుకోలేదు. మధ్యలో చుక్కలు ఆగిపోతే పై గిన్నెను కాస్త ఎత్తి దించింది. రెండు గిన్నెలూ బిగుసుకున్నప్పుడు కింద వేడెక్కిన గాలికి దారిలేక అలా ఆగుతుంది. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్ళు తాగేస్తుంది కాబట్టి 60 పోగా 90 మిల్లీలీటర్ల దాకా దిగింది. కప్పుకు 25 చొప్పున పాలల్లో కలిపితే మూడు చిక్కటి కాఫీలు, కాస్త మిగులు. ఇంకా ఘాటు కావాలంటే పొడి పెంచాలి లేదా నీళ్ళు తగ్గించాలి. అదే 30 గ్రాముల మీద 250 పోసి, ఆ పల్చదనాన్ని నొక్కుడుతో సరిచేయడం జరగని పని. రెండోసారి పోసిన నీళ్ళ డికాషన్‌ని మొదటిదాంట్లో కలపకుండా విడిగా వాడుకోండి.

చివరగా పొట్లం మీది అక్షరాలు చదవండి. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది మన దేశంలో నిబంధన. ఎంత కలిపారో పొట్లం మీద వేయాలి. చికోరీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, చుక్క దిగడం మందగిస్తుంది, డికాషన్ మాత్రం నల్లగా కనిపిస్తుంది. పిన్ని మొదట వాడిన పొట్లంలో చికోరీ 47 శాతం. కొత్తగా పట్టించిన దాంట్లో 20. ఇది రంగులో పాతదానికన్నా పలచన, కాఫీ మాత్రం ఇందులోనే ఎక్కువ. కాబట్టి నలుపు చూసి ఘాటు అనుకోకండి, పొడి కొనే ముందు ఆ అంకె చూడండి.