ప్రేరణానందుడి పొద్దుటి పోస్టు

ప్రేరణానందుడు హైటెక్ సిటీలో రోజూ తగిలే మనిషే. తెల్లారేసరికి దుర్గం చెరువు తీగల వంతెన మీద సూర్యుణ్ణి ఫోన్లో బంధిస్తాడు. రాయదుర్గంలో మెట్రో దిగేలోపు లింక్డ్‌ఇన్‌లో పోస్టు పడిపోతుంది. వాక్యానికో పేరా, పేరాకో రాకెట్ బొమ్మ. కంపెనీలు మనుషుల్ని తీసేసిన 2023 లాంటి ఏడాదైతే ఆయనకు పెళ్ళిళ్ళ సీజనే. "ఉద్యోగం పోలేదు, రెక్కలొచ్చాయి" అని రాస్తాడు. రెక్కలొచ్చినవాడు ఐదో తారీఖున ఇంటి ఈఎంఐ ఎలా కట్టాలో మాత్రం రాయడు. దుర్మార్గుడు కాదు పాపం, ఎదుటివాడి ఏడుపు చూడలేడంతే. చూడలేని ఇబ్బంది తనది. దాన్ని వదిలించుకోవడానికి వాడి ఏడుపుకు సున్నం కొడతాడు.

"మరి ఇన్ని లైకులెందుకొచ్చాయి?" అన్నది ఆయన వాదన. ఆ లైకులు కొట్టినవాళ్ళెవరో చూడాలి. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతున్నవాళ్ళే ఎక్కువ. కెనడాలో జోయాన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగమొకటి ఉంది. "నేను ప్రేమించదగ్గ మనిషిని" అని విద్యార్థుల చేత తమలో తాము పదేపదే అనిపించారు. తమ మీద తమకు గురి ఉన్నవాళ్ళకు కాస్త హాయిగా అనిపించింది. గురి లేనివాళ్ళు మాత్రం, ఆ మాట అనని తమలాంటివాళ్ళకంటే ఎక్కువ దిగులుపడ్డారు. లోపలి మనసు ఆ మాటకు ఎదురు సాక్ష్యాలు వెతికి తెస్తుంది కాబోలు. పోస్టు చదవడమూ, మాట వల్లించడమూ ఒకటి కాదు, నిజమే. అయినా మందు ఆరోగ్యవంతుడికే పనిచేస్తుందేమోనన్న అనుమానానికి ఇది చాలు.

"అయితే ఆశ చంపేయమంటారా?" అని అడుగుతాడు. అక్కర్లేదు. ఎటింగెన్, మేయర్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఉద్యోగాల వేటలో ఉన్న పట్టభద్రుల్ని గమనించి రెండు రకాల ఆశల్ని వేరుచేశారు. తమ అనుభవాన్ని బట్టి "దొరుకుతుంది" అని నమ్మినవాళ్ళు ముందుకెళ్ళారు. దొరికేసినట్టే కమ్మటి ఊహల్లో తేలినవాళ్ళకు రెండేళ్ళ తర్వాత చూస్తే ఆఫర్లూ తక్కువే, జీతాలూ తక్కువే. కాబట్టి ఆశకు ఆధారం కావాలి. రెక్కల పోస్టును ఇలా తిరగరాసి చూడండి: "ఉద్యోగం పోవడం దెబ్బే. మీ పనితనం మీద తీర్పు అని మాత్రం అనుకోనక్కర్లేదు, చాలాచోట్ల ప్రాజెక్టుకు ప్రాజెక్టే ఎత్తేశారు. కంపెనీ ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగుతుందో ఈ వారమే హెచ్‌ఆర్‌ను మెయిల్లో అడగండి. అమ్మానాన్నలు కూడా దానిలోనే ఉంటే, ఆ తేదీలోపే సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో బీమా కంపెనీని అడగండి. రిలీవింగ్ లెటరూ, ఫుల్ అండ్ ఫైనల్ లెక్కా కాగితం మీద తీసుకోండి. మా టీములో జావా ఖాళీ ఒకటుంది, రెజ్యూమె పంపితే నేనే రిఫర్ చేస్తాను. ఉద్యోగం వస్తుందని మాటివ్వలేను." ఇందులో దెబ్బను దెబ్బే అన్నాం. తప్పు చదివేవాడి నెత్తిన పెట్టలేదు. రాసినవాడు తన చేతిలో ఉన్నదే ఇచ్చాడు, లేనిది లేదన్నాడు.

ప్రేరణానందుడు రెండుసార్లు చదువుతాడు. బాగానే ఉందంటాడు. చివర ఒక్క రాకెట్ పెట్టుకోవచ్చా అని అడుగుతాడు.